మటన్ యాప్‌కి ఫిర్యాదు లేఖ: ముక్క వేరే, తూకం తక్కువ, పైగా ఆలస్యం. చూసి చెప్పండి

శైలజ_నిజాంపేట | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇవాళ ఇంట్లో మా ఆడపడుచు వాళ్లకి భోజనాలు. మటన్ బిర్యానీ కోసం ఆన్‌లైన్ మాంసం యాప్ ఒకదాంట్లో శనివారం రాత్రే ఆర్డర్ పెట్టాను. పేరు రాయను, దయచేసి మీరూ ఊహించి రాయొద్దు. ఆర్డర్ ఇది: మటన్ లెగ్ కర్రీ కట్, అర కిలో ప్యాకెట్లు మూడు, ఒక్కోటి ₹520. డెలివరీ ఛార్జీ ₹39. మొత్తం ₹1,599. ఉదయం 7 నుంచి 9 లోపు స్లాట్.

వచ్చింది 11:40కి. రెండు ప్యాకెట్లు విప్పి చూస్తే తొడ మాంసంలా లేదు, అన్నీ చిన్న చిన్న ఎముకలే. అనుమానం వచ్చి వంటింటి కాటా మీద తూచాను. ఒకదాంట్లో మాంసం 452 గ్రాములు, ఇంకోదాంట్లో 468. మూడోది విప్పలేదు. మా ఆయన పరుగున వెళ్లి వీధి చివర కొట్లో తొడ మాంసం తెచ్చారు కాబట్టి పరువు నిలబడింది. వీళ్ల మూడు ప్యాకెట్లూ ఫ్రీజర్‌లో ఉన్నాయి.

చాట్‌లో అడిగితే ₹75 కూపన్ ఇచ్చి, నేను ఒప్పుకోకుండానే కంప్లయింట్ క్లోజ్ చేసేశారు. అందుకే లేఖ రాద్దామనుకుంటున్నాను. చిత్తుప్రతి ఇది:

"మీ సంస్థను నమ్మి ఆర్డర్ పెట్టినందుకు మాకు తగిన శాస్తి జరిగింది. చుట్టాల ముందు మా పరువు తీశారు. లెగ్ అడిగితే ఎముకల మూట పంపారు. తూకంలో పట్టపగలే దోపిడీ. మాంసం పాడైపోయి ఉంది. డెలివరీ అబ్బాయి మధ్యలో ఏదో చేశాడని మా అనుమానం. మీ మీద కేసు వేస్తాం, మీడియాకు ఎక్కుతాం. మానసిక వేదనకు లక్ష రూపాయలు ఇవ్వాలి."

ఇంకా రెండు పేరాలు ఉంది కానీ అదంతా ఇదే ధోరణి. ఎలా ఉంది?

---

వినయ్_గచ్చిబౌలి | ఆదివారం, రాత్రి 9:41

మేడమ్, లేఖలూ అవీ ఎవరు చదువుతారు? ఫొటోలు పెట్టి సోషల్ మీడియాలో ట్యాగ్ చేయండి, పది నిమిషాల్లో ఫోన్ వస్తుంది. ఇక తూకం సంగతంటారా, ప్యాకెట్ సరుకులో 5 శాతం వరకు తేడా చట్టమే ఒప్పుకుంటుంది. అర కిలోకి 25 గ్రాములన్నమాట. మీది అది దాటింది కాబట్టి కేసు గట్టిదే. లక్ష అడగండి, తగ్గొద్దు.

---

అన్నపూర్ణ_అత్తాపూర్ | ఆదివారం, రాత్రి 9:58

అమ్మాయ్, నాకూ ఇదే జరిగింది. కిలో రవ్వ చేప పెడితే 650 గ్రాములు వచ్చింది. అడిగితే శుభ్రం చేశాక అంతే వస్తుంది అన్నారు. తల, తోక, పొలుసు పోతే తగ్గదా అని. నీ మటన్ కూడా అలా శుభ్రం చేసి ఇచ్చి ఉంటారు, కాస్త కనుక్కో.

---

శైలజ_నిజాంపేట | ఆదివారం, రాత్రి 10:05

పిన్నిగారూ, చేపకి యాప్‌లోనే కోయకముందు బరువు, కోసిన తర్వాత బరువు రెండూ వేస్తారు. మటన్‌కి అలా లేదు. 500 గ్రాములు అని ఒక్కటే ఉంది. కోసిన ముక్కలే ట్రేలో సర్ది ఇస్తారు, ఇంక పోవడానికి ఏముంటుంది?

---

మల్లేశ్_బోయిన్‌పల్లి | ఆదివారం, రాత్రి 10:30

అక్కా, మాది మటన్ షాపే, మా నాయిన కాలం నుంచి. ముందు ముక్కల ఫొటోలు పెట్టు. లెగ్ కాదు అని ఊరికే రాస్తే వాళ్లు "లెగ్గే మేడమ్" అంటరు, అక్కడితో ఒడిసిపాయె. బొక్కను చూసి చెప్పాలె.

తొడల ఉండే బొక్క గుండ్రంగ, గొట్టం లెక్క ఉంటది, లోపల మూలుగ ఉంటది. మా దగ్గర నల్లి అంటం. కానీ ఒక్క మాట, ముందు కాలికి కూడా గుండ్రటి బొక్క ఉంటది. కాబట్టి గుండ్రం బొక్క దొరికిందంటే తొడ అని గ్యారంటీ లేదు. సన్నగ, పల్చగ, విసనకర్ర లెక్క వెడల్పుగ, నడుమ గీత లేసినట్టు ఉన్న బొక్క వచ్చిందంటే అది దస్తు, అంటే భుజం. వంకర తిరిగిన చపాటి బొక్క వచ్చిందా, అది పక్కటెముక. యాట తొడల పక్కటెముక ఉండుడు అన్నది లోకంల లేదు. ఒక్క పక్కటెముక చూపిస్తే చాలు, వాళ్ల నోరు మూతపడతది.

---

శైలజ_నిజాంపేట | ఆదివారం, రాత్రి 11:02

[ఫొటోలు జత చేశాను]

మొదటి ప్యాకెట్లో వంకర ఎముకలు నాలుగున్నాయి. గుంతలు గుంతలుగా, మధ్యలో రంధ్రం ఉన్న ఎముక ఒకటి ఉంది. రెండో ప్యాకెట్లో మీరు చెప్పిన విసనకర్ర ముక్క ఉంది, గీతతో సహా.

---

మల్లేశ్_బోయిన్‌పల్లి | ఆదివారం, రాత్రి 11:15

రంధ్రం ఉన్నది మెడ బొక్క. నాలుగు పక్కటెముకలు, మెడ, భుజం. ఇది మామూలు కర్రీ కట్, యాటను మొత్తం కలిపి కొట్టి సర్దినరు. కూరకు మంచిదే, ఆ బొక్కల రుచే వేరు. కానీ బిర్యానీకి లెగ్ పైసలు తీసుకొని ఇది ఇచ్చుడు తప్పు.

---

రామకృష్ణారావు_తార్నాక | సోమవారం, ఉదయం 6:50

నేను తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. శైలజగారూ, రెండు మూడు విషయాలు.

ముందు వినయ్ గారి 5 శాతం గురించి. అది సరికాదు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో బరువును బట్టి ఎంత తేడా ఒప్పుకుంటారో పట్టిక ఉంది. 300 నుంచి 500 గ్రాముల వరకు 3 శాతం. 500 నుంచి కిలో వరకు 15 గ్రాములు. అంటే అర కిలో ప్యాకెట్‌కి 15 గ్రాములు, కిలో ప్యాకెట్‌కి కూడా అదే 15. ఇది ప్యాకింగ్‌లో అనుకోకుండా వచ్చే తేడా కోసం ఇచ్చిన వెసులుబాటు. ప్రతి ప్యాకెట్‌నీ 485 దగ్గర ఆపి అమ్ముకోమని కాదు. ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వెళ్తే కొన్ని ప్యాకెట్లు తీసి సగటు కూడా చూస్తాడు.

రెండోది, మీ కాటా. వంటింటి కాటాకి మా శాఖ ముద్ర ఉండదు. కంపెనీ మొదటి మాటగా "మీ కాటా తప్పు" అంటుంది. ముద్ర ఉన్న కాటా ఏ కిరాణా కొట్లోనైనా ఉంటుంది. అక్కడ ఒకసారి తూయించి, కాటా మీద అంకె కనిపించేలా ఫొటో తీసుకోండి.

మూడోది, మీరు మాంసం ఒక్కటే తూచారు. ట్రే, పైన ఫిల్మ్, కింద ఉండే తడి పీల్చే ప్యాడ్ విడిగా ఎంత ఉన్నాయి? విప్పని మూడో ప్యాకెట్ మొత్తంగా ఎంత తూగుతోంది? ఈ రెండూ చెప్పండి. కోసిన మాంసం నుంచి రసం కారుతుంది, ప్యాడ్ దాన్ని పీల్చుకుంటుంది. ప్యాక్ చేసినప్పుడు అది మాంసంలో భాగమే అని కంపెనీ వాదిస్తుంది. ఆ వాదన వాళ్లకు ముందే ఇచ్చేసి, అప్పటికీ తక్కువేనని చూపిస్తే ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదు.

---

శైలజ_నిజాంపేట | సోమవారం, ఉదయం 10:40

సార్, మా కింద కిరాణా కొట్లో తూయించాను. ఆయన నవ్వాడు కానీ తూచాడు. ట్రే, ఫిల్మ్ కలిపి 14 గ్రాములు. తడి ప్యాడ్ 8. మూడో ప్యాకెట్ విప్పకుండా 511.

---

రామకృష్ణారావు_తార్నాక | సోమవారం, ఉదయం 11:20

మంచిది. లెక్క చూద్దాం. మూడో ప్యాకెట్లో 511 నుంచి 22 తీసేస్తే 489. పదకొండు గ్రాములు తక్కువ, అంటే 15 లోపలే. దీని జోలికి వెళ్లకండి. బలహీనమైన అంశం ఒకటి కలిపితే వాళ్లు దాన్నే పట్టుకుని జవాబు రాస్తారు, మిగతావి పక్కకు పోతాయి.

మొదటి ప్యాకెట్ చూడండి. మాంసం 452. తడి ప్యాడ్ బరువంతా మాంస రసమే అనుకుని వాళ్లకే ఇచ్చేద్దాం. 460. ఇంకా 40 తక్కువ. అంతకన్నా ముఖ్యం, ట్రేతో, ఫిల్మ్‌తో, ప్యాడ్‌తో కలిపి మొత్తం తూచినా 474. అంటే డబ్బాతో సహా అర కిలో లేదు! రసం కారిందన్న వాదన ఇక్కడ నిలవదు, కారినదంతా ఆ సీలు లోపలే ఉంది కదా. రెండోది కూడా అలాగే, మొత్తం 490.

కానీ నాకు ఒక సందేహం. తూకం కొట్టేవాడు ఐదో పదో గ్రాములు కొడతాడు, ఇంత తేడాగా కొట్టడు. ప్యాకెట్ మీద లేబుల్ ఏమని ఉంది? మూడింటి లేబుళ్లూ ఫొటో తీసి పెట్టండి. నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, వస్తువు పేరు.

---

ఇమ్రాన్_టోలిచౌకి | సోమవారం, మధ్యాహ్నం 1:05

రావు సార్ కరెక్ట్ దగ్గర పట్టుకున్నారు. నేను ఇలాంటి ఒక యాప్ డార్క్ స్టోర్‌లో, అంటే ఆన్‌లైన్ ఆర్డర్ల కోసమే నడిపే గోదాములో, కొన్నాళ్లు పికర్‌గా చేశాను, ఆర్డర్ సరుకులు తీసి బ్యాగులో వేసే పని. ఇది తూకం కొట్టడం కాదు అని నాకు అనిపిస్తోంది.

మేం పనిచేసిన చోట అన్ని రకాల మటన్‌కీ ఒకే నల్ల ట్రే, ఒకే ఫిల్మ్. తేడా స్టిక్కర్ ఒక్కటే. చిల్లర్‌లో పక్కపక్క అరల్లోనే ఉంటాయి. ఆర్డర్‌లో మూడు లెగ్ అని ఉంటే మూడు ప్యాకెట్లనీ విడివిడిగా స్కాన్ చేయాలి. వేరే వస్తువైతే మిషన్ ఎర్రగా చూపిస్తుంది. కానీ ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య మా పరిస్థితి ఎలా ఉండేదంటే, ఒక్క ప్యాకెట్‌నే మూడుసార్లు స్కాన్ చేసి, మిగతా రెండూ చేతికి అందినవి బ్యాగులో పడేసేవాళ్లు ఉన్నారు. లెగ్ స్టాక్ అయిపోతే కస్టమర్‌కి ఫోన్ చేసి అడగాలని రూల్. ఆ టైమ్‌లో ఎవడు ఫోన్ చేస్తాడు?

అక్కా, ఇంకో మాట. డెలివరీ అబ్బాయి ఏదో చేశాడు అని రాశారు. సీల్ చేసిన ఫిల్మ్ తీసి మాంసం తీసి మళ్లీ సీల్ చేయడం బండి మీద అయ్యే పనేనా? ఆ ఒక్క లైన్ వల్ల వాడి ఐడీ బ్లాక్ అవుతుంది. తీసేయండి ప్లీజ్.

---

వినయ్_గచ్చిబౌలి | సోమవారం, మధ్యాహ్నం 1:30

బ్రదర్, లేట్ చేసింది ఎవరు మరి? అతనే కదా.

---

ఇమ్రాన్_టోలిచౌకి | సోమవారం, మధ్యాహ్నం 1:38

అది కూడా చెప్పలేం. బ్యాగు స్టోర్ నుంచి ఎన్నింటికి బయటపడిందో యాప్‌లో ఆర్డర్ హిస్టరీలో చూపిస్తుంది. చూసి మాట్లాడదాం.

---

శైలజ_నిజాంపేట | సోమవారం, మధ్యాహ్నం 3:15

[ఫొటోలు జత చేశాను]

నాకు మాట రావడం లేదు. మూడో ప్యాకెట్ లేబుల్ మీద మటన్ లెగ్ కర్రీ కట్, నికర బరువు 500 గ్రాములు, ఎంఆర్‌పీ ₹520 అని ఉంది. చెత్తబుట్టలోంచి మిగతా రెండు ఫిల్మ్‌లూ తీసి చూశాను. రెండింటి మీదా మటన్ కర్రీ కట్, నికర బరువు 450 గ్రాములు, ఎంఆర్‌పీ ₹429!

ఆర్డర్ హిస్టరీలో "ప్యాక్ అయింది" 8:10, "స్టోర్ నుంచి బయలుదేరింది" 11:05.

---

మల్లేశ్_బోయిన్‌పల్లి | సోమవారం, మధ్యాహ్నం 3:22

చూసినవా! పక్కటెముక అబద్ధం చెప్పదు.

---

రామకృష్ణారావు_తార్నాక | సోమవారం, సాయంత్రం 5:10

ఇప్పుడు కథ మారింది. ఇది మా శాఖ లెక్కలో తక్కువ తూకం కేసే కాదు. 450 అని రాసిన ప్యాకెట్లో 452, 468 ఉన్నాయి. ప్యాకెట్‌గా చూస్తే అది సక్రమమైన ప్యాకెట్. తప్పు ఎక్కడ? 500 గ్రాముల లెగ్‌కి డబ్బు తీసుకుని 450 గ్రాముల మామూలు కర్రీ కట్ ఇచ్చారు. ముక్క వేరే అన్నది, తూకం తక్కువ అన్నది మీరు రెండు ఫిర్యాదులుగా రాశారు. నిజానికి అవి ఒకే పొరపాటుకి రెండు ముఖాలు. అలాగే రాయండి. "తూకంలో దోపిడీ" అని రాస్తే వాళ్ల లీగల్ వాళ్లు తూకం సర్టిఫికెట్లు చూపించి హాయిగా గెలుస్తారు.

ఇక మీ కాటా, నా పట్టిక, ప్యాడ్ బరువు ఏవీ అక్కర్లేదు. ఆర్డర్ స్క్రీన్‌షాట్, బిల్లు, లేబుల్ ఫొటో పక్కపక్కన పెడితే చాలు. ఆ ఫిల్మ్‌లు పారేయొద్దు. ఆర్డర్ పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి, వస్తువు వివరణతో సహా. యాప్‌లో వివరణలు మారుతుంటాయి.

---

వినయ్_గచ్చిబౌలి | సోమవారం, సాయంత్రం 5:26

అయితే ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకున్నారు కదా సార్. 429 ప్యాకెట్‌కి 520. అది పెద్ద కేసు. దాన్నే రాయాలి.

---

రామకృష్ణారావు_తార్నాక | సోమవారం, సాయంత్రం 5:50

అంకెలు రాయండి, ఆరోపణ రాయొద్దు. ఎంఆర్‌పీ మించి అమ్మడం తప్పే. కానీ వాళ్లు 429 వస్తువుని 520కి అమ్మకానికి పెట్టలేదు, ఒకటి బిల్లు చేసి ఇంకొకటి పంపారు. దాన్ని ఎలా చూస్తారన్నది అధికారిని బట్టి ఉంటుంది. నా అనుభవంలో రెండు రకాలుగానూ చూసినవాళ్లు ఉన్నారు.

---

లలిత_మల్కాజిగిరి | సోమవారం, సాయంత్రం 6:35

నేను వినియోగదారుల కేసుల్లో సలహాలు ఇస్తుంటాను, అందుకే ఒకటి రెండు మాటలు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన పేరు, వివరాలు యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ పెట్టాలి. మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మీరు ఇప్పటిదాకా మాట్లాడింది చాట్‌తో. లేఖ ఆ అధికారి ఈమెయిల్‌కి వెళ్లాలి. యాప్‌లో చాలా కింద, షరతుల పేజీలో ఉంటుంది, వెతకండి.

చెప్పిన వస్తువు కాకుండా వేరేది వస్తే డబ్బు వాపసు కాదనడానికి వీల్లేదని అవే నిబంధనలు చెబుతాయి. చెప్పిన సమయం దాటి వచ్చినా అంతే, అయితే వాళ్ల చేతిలో లేని ఆటంకం ఉంటే మినహాయింపు. మీ కేసులో ప్యాకెట్ 8:10కి సిద్ధంగా ఉండి 11:05 దాకా స్టోర్‌లోనే ఉంది. వాన అనీ, ట్రాఫిక్ అనీ చెప్పే అవకాశం వాళ్లకు లేదు. అయితే మీరు ఆలస్యంగానైనా తీసుకున్నారు. గుమ్మం దగ్గరే వద్దని ఉంటే మొత్తం ₹1,599 అడగొచ్చు. ఇప్పుడు ఆలస్యానికి డెలివరీ ఛార్జీ మాత్రమే అడగడం సబబు.

మాంసం పాడైందని రాశారు. వాసన వచ్చిందా?

---

శైలజ_నిజాంపేట | సోమవారం, రాత్రి 8:00

వాసన రాలేదండి. ఐస్ జెల్ ప్యాక్ మాత్రం పూర్తిగా కరిగి మెత్తబడిపోయింది. ప్యాకెట్ చల్లగా లేదు. కోపంలో అలా రాశాను.

---

లలిత_మల్కాజిగిరి | సోమవారం, రాత్రి 8:12

అయితే జెల్ ప్యాక్ కరిగిందని మాత్రమే రాయండి. ఆ ₹75 కూపన్ వాడలేదు కదా? వాడకండి. వాడితే సరిపెట్టుకున్నట్టు చూపిస్తారు.

లక్ష సంగతి. లేఖలో అంత అడిగితే అది చదివినవాడు మిగతాది చదవడు. ఎంత పోయిందో అంత అడగండి.

---

వినయ్_గచ్చిబౌలి | సోమవారం, రాత్రి 8:20

ఇలా అందరూ ఎంత పోయిందో అంతే అడుగుతుంటే వాళ్లకి భయం ఎక్కడిది? పట్టుబడితే రెండు ప్యాకెట్లకీ కలిపి ₹182 తేడా ఇచ్చేస్తారు, పట్టుబడకపోతే లాభం. నేనైతే ఒప్పుకోను.

---

లలిత_మల్కాజిగిరి | సోమవారం, రాత్రి 8:31

మీ మాటలో న్యాయం ఉంది. పరిహారం అడిగే చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. అక్కడ అడగండి. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు కూడా లేదు, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రెండేళ్ల గడువుంది. కానీ ₹1,599 కోసం వాయిదాలకి తిరిగే ఓపిక ఆవిడకి ఉండాలి. ముందు లేఖ, జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్, ఆ తర్వాతే కమిషన్.

---

రామకృష్ణారావు_తార్నాక | మంగళవారం, ఉదయం 7:15

శైలజగారూ, మీ చిత్తుప్రతిని ఇలా మార్చాను. చూసుకుని మీ మాటల్లోకి తెచ్చుకోండి.

"ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఆర్డర్ నంబర్ (......), ఆదివారం ఉదయం 7–9 స్లాట్. మూడు ప్యాకెట్లలో రెండు నేను కొన్న వస్తువు కావు. ₹1,079 వాపసు కోరుతూ.

నేను మటన్ లెగ్ కర్రీ కట్ 500 గ్రాముల ప్యాకెట్లు మూడు, ఒక్కోటి ₹520 చొప్పున కొన్నాను. డెలివరీ ఛార్జీ ₹39తో కలిపి ₹1,599 ముందే చెల్లించాను.

వచ్చిన మూడింటిలో ఒకటి సరైనదే. దాని గురించి ఫిర్యాదు లేదు. మిగతా రెండింటి లేబుళ్ల మీద మటన్ కర్రీ కట్, 450 గ్రాములు, ఎంఆర్‌పీ ₹429 అని ఉంది. లోపల పక్కటెముకలు, మెడ, భుజం ముక్కలు ఉన్నాయి. ఈ మార్పు గురించి నన్ను ఎవరూ అడగలేదు. బిల్లులో మాత్రం మూడూ లెగ్ అనే ఉన్నాయి.

ఆర్డర్ 8:10కి ప్యాక్ అయి, 11:05కి స్టోర్ నుంచి బయలుదేరి, 11:40కి చేరిందని మీ యాప్‌లోనే ఉంది. చేరేసరికి జెల్ ప్యాక్ కరిగిపోయి ఉంది. అతిథుల భోజనం కోసం మేము బయట వేరే మాంసం కొనుక్కోవలసి వచ్చింది.

మీ చాట్ సిబ్బంది ₹75 కూపన్ ఇచ్చి ఫిర్యాదు ముగించారు. దానికి నేను అంగీకరించలేదు, కూపన్ వాడలేదు.

నేను కోరేది: ఆ రెండు ప్యాకెట్ల ధర ₹1,040, డెలివరీ ఛార్జీ ₹39, మొత్తం ₹1,079 నేను చెల్లించిన ఖాతాకే వాపసు. వాలెట్‌లో గానీ కూపన్‌గా గానీ వద్దు. రెండు ప్యాకెట్ల మాంసం వండకుండా ఫ్రీజర్‌లో ఉంచాను, ముందుగా చెప్పి మీ మనిషిని పంపితే ఇస్తాను.

ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయగలరు.

జత: ఆర్డర్ పేజీ, బిల్లు, మూడు లేబుళ్లు, ముక్కలు, ఆర్డర్ హిస్టరీ, చాట్."

కేసు, మీడియా అన్న మాటలు తీసేశాను. 48 గంటల మాట చదివితే మీకు నిబంధన తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

---

మల్లేశ్_బోయిన్‌పల్లి | మంగళవారం, ఉదయం 8:40

సార్, లేఖ జబర్దస్త్ ఉన్నది. నాది ఒక్క డౌటు. ఆ మాంసం మంచిదే కద. అక్క దాన్ని కూర వండుకొని ₹182 తేడా తీసుకుంటే అయిపోద్దా? తొమ్మిది వందల గ్రాముల యాట మాంసం వాపసు పోతే వాళ్లు పారేసుడే కద. పాపం అనిపిస్తది.

---

రామకృష్ణారావు_తార్నాక | మంగళవారం, ఉదయం 9:05

మల్లేశ్, అది ఆవిడ ఇష్టం. రెండింట్లో ఏదో ఒకటే అడగాలి. మాంసం ఉంచుకుంటే తేడా ₹182, డెలివరీ ₹39. మాంసం తిని ₹1,040 అడిగితే మాత్రం అది మన వైపు తప్పవుతుంది.

---

శైలజ_నిజాంపేట | మంగళవారం, ఉదయం 10:10

నాకు ఆ మాంసం వద్దండి, మూడు గంటలు స్టోర్‌లో ఎక్కడ పడి ఉందో ఎవరికి తెలుసు. మల్లేశ్ అన్నా, సారీ. లేఖ పంపేశాను. ఫిర్యాదుల అధికారి ఈమెయిల్ షరతుల పేజీలో అట్టడుగున దొరికింది.

---

శైలజ_నిజాంపేట | గురువారం, సాయంత్రం 4:30

బుధవారం మధ్యాహ్నమే "అందింది" అని మెయిల్ వచ్చింది. ఇవాళ ఫోన్ చేశారు. మొదట ₹182 ఇస్తామన్నారు. మాంసం ఫ్రీజర్‌లోనే ఉంది, వచ్చి తీసుకెళ్లండి అన్నాను. ఐదు నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, ₹1,040 వాపసు చేస్తాం, మాంసం తీసుకెళ్లం, మీరే ఏదైనా చేసుకోండి అన్నారు. డెలివరీ ₹39 మాత్రం వాలెట్‌లో వేశారు. నేను ఖాతాకే అని రాశాను కదా, దాని మీద మళ్లీ మెయిల్ పెట్టాలా?

---

వినయ్_గచ్చిబౌలి | గురువారం, సాయంత్రం 4:41

పెట్టండి. ₹39 అయినా సరే. 1915కి కూడా చేయండి, స్టోర్‌లో అలా ప్యాకెట్లు మార్చడం అలవాటు కాకూడదు.

---

ఇమ్రాన్_టోలిచౌకి | గురువారం, సాయంత్రం 5:00

₹39 వదిలేయండి అక్కా. 1915కి మాత్రం చేయండి. పికర్ మీద కాదు, ఆదివారం పొద్దున ఇద్దరు మనుషులతో స్టోర్ నడిపిస్తున్నవాళ్ల మీద.

---

అన్నపూర్ణ_అత్తాపూర్ | గురువారం, సాయంత్రం 5:35

అమ్మాయ్, డబ్బు వచ్చినందుకు సంతోషం. ఇప్పుడు నా రవ్వ చేప లేబుల్ తీసి చూశాను. కోయకముందు కిలో, కోశాక 700 అని ఉంది. నాకు వచ్చింది 650. రావుగారూ, ఆ పట్టికలో 700కి ఎంత?

---

రామకృష్ణారావు_తార్నాక | గురువారం, సాయంత్రం 6:10

పదిహేను గ్రాములేనమ్మా. మీది 50 తక్కువ. ఇది నిజంగా తూకం కేసు. ప్యాడ్ తూచారా?